స్కేలమ్మ అడిగే చిరునామా

ఆ ఆసుపత్రి మందుల కౌంటరు వెనక ముప్ఫై ఒక్కేళ్లుగా నిలబడుతున్న మనిషికి అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుంది. అది జీతాల పట్టీలో తప్ప ఇంకెక్కడా వినపడదు. నర్సులకూ, డాక్టర్లకూ, వరసలో నిలబడే జనానికీ ఆవిడ స్కేలమ్మ. ఆవిడ చేతిలో ఎప్పుడూ ఒక స్టీలు స్కేలు ఉంటుంది. దాని మీద అంకెలు ఎప్పుడో అరిగిపోయాయి. అంకెలు లేని స్కేలుతో పనేమిటని కొత్తవాళ్లు అడుగుతారు. ఆవిడ దాంతో ఏదీ కొలవదు, మందు పేర్లు కప్పుతుంది.

ప్రిస్క్రిప్షన్ కౌంటరు మీదికి రాగానే స్కేలు తీసి సరిగ్గా మందులు రాసిన చోట అడ్డంగా పెడుతుంది. ఆ తర్వాత కింద నుంచి చదువుతుంది. డాక్టరు సంతకం, రిజిస్ట్రేషన్ నంబరు, తేదీ. అవి ఉంటే పైకెళ్లి రోగి పేరు, వయసు, ఆడా మగా, పిల్లలైతే బరువు, చివరికి చిరునామా. ఇవన్నీ ఉన్నాకే స్కేలు ఒక్కో వరస కిందికి జరుగుతుంది. మందు పేరు, ఎంత బలం, మాత్రా సిరప్పా, పూటకెంత, రోజుకెన్ని సార్లు, ఎన్ని రోజులు.

"మందు పేరు ముందు చూశావనుకో, చెయ్యి తిన్నగా అర దగ్గరికి పోతుంది. ఇక సంతకం, తేదీ అన్నీ కళ్లు చూస్తాయి గానీ బుర్ర చూడదు," అంటుంది ట్రైనింగుకు వచ్చే పిల్లలతో. ఏటా నలుగురైదుగురు వస్తారు. అందరూ తలూపుతారు, సగం మంది వెనక్కి తిరిగి నవ్వుకుంటారు.

ఈ అలవాటు కౌంటరు దగ్గరే ఆగితే బాగుండేది. పెళ్లి శుభలేఖ వచ్చినా ఆవిడ కింద అచ్చేసిన చిరునామా నుంచి మొదలుపెడుతుంది. "పెళ్లికొడుకు పేరు ఎప్పుడు చదువుతావే తల్లీ?" అని మొగుడు నెత్తి కొట్టుకుంటాడు. ఆయన బస్సు డ్రైవరుగా చేసి దిగిపోయినవాడు, ఇంట్లో ఖాళీగా కూర్చుని ఆవిణ్ణి ఆటపట్టించడమే ఇప్పుడాయన ఉద్యోగం. ఆవిడ పట్టించుకోదు. రిటైరవడానికి ఇంకా రెండేళ్లుంది, ఈలోగా మారే ఉద్దేశమూ లేదు.

ఆ ఏడు వచ్చిన వాళ్లలో ఒకమ్మాయికి మొదటి వారంలోనే టాపరు అని పేరు పడిపోయింది. మార్కుల్లో మొదటిదట, అక్షరాలు చూస్తే అచ్చు గుద్దినట్టు గుండ్రంగా ఉంటాయి. కాలేజీవాళ్లు ట్రైనింగు అయ్యేలోపు ఒక చిన్న పుస్తకం రాసి ఇమ్మన్నారు. మందు ఇచ్చే ముందు ప్రిస్క్రిప్షన్‌లో ఏమేం చూసుకోవాలో జూనియర్లకు చెప్పే పుస్తకం. టాపరు మూడు రంగుల పెన్నులతో దాన్ని మొదలుపెట్టింది. చెల్లుబాటు ఒక పేజీ, మోతాదు ఒక పేజీ, లోపించిన వివరాలు ఒక పేజీ. ఆ మూడో పేజీలో చిరునామా పక్కన చిన్నగా 'వీలైతే' అని రాసుకుంది.

స్కేలమ్మ అది చూసి ఎర్ర పెన్సిల్ తీసి ఆ మాట కొట్టేసింది.

"ఏంటి మేడమ్, ఫోన్ నంబరు రాయించుకుంటున్నాం కదా," అంది టాపరు.

"ఫోన్ ఆఫ్ చేసుకుంటారు, మారుస్తారు, పోగొట్టుకుంటారు. ఇల్లు పోగొట్టుకున్నవాణ్ణి చూశావా?"

"మరీ చాదస్తం మేడమ్..."

"ఆ చాదస్తమే రాయి. రూల్లోనూ ఉంది, కావాలంటే చూస్కో."

టాపరు మూతి ముడుచుకుంది, కానీ రాసింది. పిల్ల మొండిదే, చెప్పింది చేస్తుంది. స్కేలమ్మకి లోపల్లోపల ఆ పిల్ల అంటే ఇష్టం. పైకి చెప్పలేదు, అలా చెప్పే రకమూ కాదు.

ఇద్దరూ కౌంటరులో ఒకళ్ల తర్వాత ఒకళ్లు చూసేవారు. ముందు టాపరు, తర్వాత స్కేలమ్మ. టాపరు లేబులు రాసి, మందు తీసి పెడితే, స్కేలమ్మ మళ్లీ మొత్తం చూసి సంతకం పెట్టాకే అది కౌంటరు దాటాలి. ఆ సోమవారం పొద్దున్న కూడా అలాగే నడిచింది. తొమ్మిదింటికి ఒక పెద్దమనిషి నిద్రమాత్రల చీటీ తెచ్చాడు. సంతకం ఉంది, నంబరు ఉంది. తేదీలో నెల అంకె మాత్రం వేరే సిరాతో లావుగా ఉంది. టాపరు చటుక్కున పట్టేసింది. స్కేలమ్మ ఆ డాక్టరుకు ఫోన్ చేస్తే, ఆ చీటీ ఆర్నెల్ల కిందటిదని తేలింది.

"కరెంటు బిల్లు కూడా ఇంతలా చూడరమ్మా ఎవరూ," అన్నాడు పెద్దమనిషి.

"కరెంటు బిల్లు మింగరు కదండీ. నిద్ర పట్టకపోతే పైన డాక్టరున్నాడు, మళ్లీ చూపించుకోండి," అంది స్కేలమ్మ.

ఆ వెనకే ఒక సిరప్ చీటీ వచ్చింది. వయసు దగ్గర ఎనిమిది అని ఉంది. ఎనిమిదేళ్లా, ఎనిమిది నెలలా? టాపరు స్కేలు జరపకుండానే అడిగింది. ఎనిమిది నెలలట. స్కేలమ్మ సంతకం పెడుతూ గొంతు సవరించుకుంది. అది ఆవిడ మెచ్చుకోలు.

పన్నెండు కావస్తుండగా ఒక ముసలావిడ వచ్చింది. భుజాన పసిబిడ్డ, చేతిలో మందుల సంచి. బిడ్డకు పదకొండు నెలలు, పుట్టుకతోనే గుండెలో లోపం. ఆపరేషన్‌కు ఇంకా టైముంది, అందాకా గుండె బలానికి డిజాక్సిన్ చుక్కలు. ఎప్పుడూ తల్లే తీసుకొచ్చేది. ఆవేళ ఆమెకు జ్వరమొచ్చి పడుకుంటే నాయనమ్మ వచ్చింది.

టాపరు స్కేలు పెట్టింది. సంతకం, నంబరు, తేదీ ఉన్నాయి. ఎప్పుడూ చూసే డాక్టరు సెలవులో ఉన్నాడు, రాసింది కొత్తాయన. పేరు, పదకొండు నెలలు, మగబిడ్డ, బరువు పది కిలోలు. చిరునామా దగ్గర ఖాళీ.

"ఎక్కడుంటారు మామ్మగారూ?"

"నీళ్ల ట్యాంకు వెనకమ్మా," అని మొదలుపెట్టింది ముసలావిడ. ఆ తర్వాత సందులు, మలుపులు, ఎవరి గోడ ఎవరిదో, ఎవరు ఎవరితో మాట్లాడరో కూడా చెప్పింది. వెనక వరస పెరిగిపోతోంది. టాపరు 'నీళ్ల ట్యాంకు వెనక వీధి' అని రాసి ముగించి, లెక్కలోకి దిగింది. ఈ వయసులో కిలోకి రోజుకి పది మైక్రోగ్రాములు. పది కిలోలకి వంద. రెండు పూటలకి పూటకి యాభై. సీసాలో మిల్లీలీటరుకి యాభై ఉంటుంది. అంటే పూటకి ఒక మిల్లీలీటరు. డాక్టరు రాసిందీ అదే. పదకొండు నెలల పిల్లాడు సుమారు ఎంతుండాలో గోడ మీది పట్టికలో చూసింది, పది కిలోలు సరిగ్గానే ఉంది. గుండ్రంగా లేబులు రాసింది.

స్కేలమ్మ మళ్లీ చూసింది. లెక్క మళ్లీ వేసింది, సరిపోయింది. పెన్ను ఎత్తి, ఆగింది.

"వెనక వీధిలో ఎన్ని ఇళ్లుంటాయి అమ్మాయ్?"

"ఏమో మేడమ్."

"పోయి కనుక్కుని రా."

టాపరు పళ్లు బిగపట్టి బయటి బెంచీ మీద కూర్చున్న ముసలావిడ దగ్గరికి వెళ్లింది. అయిదు నిమిషాలు నిలబడి, తిరిగొచ్చి, కోపమంతా కలం మీద చూపిస్తూ చీటీ మీద రాసింది: నీళ్ల ట్యాంకు వెనక మూడో సందు, కుట్టుమిషన్లు బాగుచేసే షాపు మేడ మీద, వెనకవైపు మెట్లు, పచ్చ తలుపు. కోపంలో కూడా అక్షరాలు గుండ్రంగానే ఉన్నాయి.

స్కేలమ్మ సంతకం పెట్టింది. సీసా ముసలావిడ సంచిలోకి వెళ్లింది.

మధ్యాహ్నం మూడున్నరకి జనం పలచబడ్డారు. స్కేలమ్మ ఆ పూట చీటీలను పెద్ద రిజిస్టరులోకి ఎక్కించుకుంటోంది. పిల్లల గుండె మందులకు విడిగా కొన్ని పేజీలున్నాయి, బిడ్డకో పేజీ. ఆ బిడ్డ పేజీ తీసి, 'బరువు పది' అని రాసి, పైవరస మీద చూపు ఆగింది. సరిగ్గా నెల కిందట. బరువు ఆరు. పూటకి 0.6 మిల్లీలీటరు. ఆ పై వరసల్లో, ఆర్నెల్ల నుంచి, అయిదూ అయిదున్నరా.

వేలు పెట్టి మళ్లీ చదివింది. గుండె జబ్బు బిడ్డ, పాలు తాగడానికే ఆయాసపడే బిడ్డ, నెల్లో నాలుగు కిలోలు ఎక్కడ పెరుగుతాడు? గోడ మీది పట్టిక ఆరోగ్యంగా ఉన్న పిల్లలది. ఆ పట్టిక ప్రకారం పది కిలోలు సరైనదే, అందుకే ఇద్దరి కళ్లూ దాని మీద జారిపోయాయి. ముప్ఫై ఒక్కేళ్లుగా ఆవిడ స్కేలు ఆ కాగితంలో ఉన్నవన్నీ చూసింది. పోయినసారి ఎంత ఇచ్చాం అన్నది ఆ కాగితంలో ఉండదు. ఉండని దాన్ని అడగాలని ఆవిడకెప్పుడూ తట్టలేదు.

"అమ్మాయ్, ఇలా రా," అంది. గొంతు మామూలుగానే ఉంది.

టాపరు రెండు వరసలూ చూసింది. "మేడమ్, లెక్క కరెక్టే కదా..."

"లెక్క కరెక్టే. బరువు తప్పు."

స్కేలమ్మ కొత్త డాక్టరుకు ఫోన్ చేసింది. తనంతట తాను మోతాదు మార్చే అధికారం తనకి లేదు, ఎంత తెలిసినా అడగాల్సిందే. ఆయన ముందు విసుక్కున్నాడు, నెల కిందటి బరువు వినగానే మెత్తబడ్డాడు. లైన్లో ఉండమని చెప్పి బరువులు చూసే నర్సును పిలిచాడు. సంగతి బయటపడింది. పసిపిల్లల తూకం రిపేరుకి పోయింది. అలాంటప్పుడు నర్సు తల్లినీ బిడ్డనీ కలిపి పెద్దవాళ్ల తూకం మీద నిలబెట్టి, తల్లి బరువు తీసేస్తుంది. తల్లి బరువు ప్రతిసారీ చూడ్డమెందుకని కార్డు మీద రాసి పెట్టుకుంది, నలభై ఎనిమిది. ఆవేళ బిడ్డనెత్తుకుని తూకం ఎక్కింది నాయనమ్మ. ఇద్దరూ కలిసి యాభై ఎనిమిది. నర్సు అలవాటు కొద్దీ కార్డు మీది నలభై ఎనిమిది తీసేసింది. అత్తకీ కోడలికీ ఉన్న నాలుగు కిలోల తేడా బిడ్డ ఒంటికి అంటుకుంది.

"పాత డోసే ఇవ్వమనండి, పూటకి 0.6," అన్నాడు డాక్టరు. "రేపు పొద్దున్నే బిడ్డని తీసుకురమ్మనండి, చిన్న తూకం తెప్పిస్తాను. ఈలోగా ఎక్కువ డోసు ఒక్కసారి పడినా సరే, రాత్రికే ఎమర్జెన్సీకి రావాలి. వాంతులైనా, పాలు తాగకపోయినా, మత్తుగా పడున్నా అసలు ఆగకూడదు."

స్కేలమ్మ విన్నది విన్నట్టు తిరిగి చదివి వినిపించింది. రిజిస్టరులో టైము, డాక్టరు పేరు, ఏం చెప్పాడో రాసింది. అప్పటికి నాలుగు దాటింది. సాయంత్రం మోతాదు ఎన్నింటికి ఇస్తారో రిజిస్టరులో లేదు. ఏడుకైనా ఇవ్వొచ్చు, అయిదుకైనా ఇవ్వొచ్చు.

చీటీ మీద ఫోన్ నంబరుంది. అది బిడ్డ తండ్రిది. ఆఫ్ చేసి ఉంది. ఫ్యాక్టరీలో ఫోన్లు గేటు దగ్గర పెట్టించేస్తారని తర్వాత తెలిసింది. టాపరు ఎనిమిది సార్లు చేసింది. తొమ్మిదోసారి చేయబోయింది.

"చాల్లే," అని స్కేలమ్మ చీటీ మడిచి చేతిలో పెట్టుకుంది. "పద."

కౌంటరు ఇంకో ఫార్మసిస్టుకు ఒప్పజెప్పి ఇద్దరూ సిటీ బస్సెక్కారు. బస్సు మామూలుగానే నడుస్తోంది, వాళ్లకే నడవనట్టుంది. ప్రతి సిగ్నల్ దగ్గరా టాపరు కిటికీలోంచి మెడ చాచి చూసింది. చివరికి ఉండబట్టలేక అడిగేసింది.

"మేడమ్, మీకింతకుముందు ఇలా అయిందా?"

స్కేలమ్మ బ్యాగులోంచి టిక్కెట్టు తీసింది. దాన్ని మడతలు పెడుతూ, వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పింది.

"పందొమ్మిదేళ్లయింది. ముసలాయన, గోధుమరంగు స్వెటరు వేసుకున్నాడు. రక్తం పలచబడే మాత్రలు. ఒక మిల్లీగ్రాము రాస్తే నేను అయిదువి తీసిచ్చా. పక్కపక్కనే పెట్టేవాళ్లం అప్పుడు. సాయంత్రం అట్టలు లెక్క చూస్తే తెలిసింది. చీటీ మీద పేరుంది. అడ్రస్ ఖాళీ."

"తర్వాత?"

"తర్వాతేముంది. వారం రోజులు డ్యూటీ అయ్యాక బస్టాపుల్లో నిలబడ్డా, స్వెటరు కనిపిస్తుందేమోనని. ఎండాకాలం వచ్చేసింది, స్వెటరు కూడా వేసుకోడు కదా ఇక. ఆయన బతికాడో లేదో ఇప్పటికీ తెలీదు."

టాపరు 'వీలైతే' అన్న మాట గుర్తొచ్చి కాబోలు, తల కిటికీ వైపు తిప్పేసుకుంది. స్కేలమ్మకి ఆ పిల్ల మీద జాలేసింది, తన మీద కోపమొచ్చింది. సంతకం తనది. పిల్ల తప్పు చేస్తే పట్టుకోవడానికే కదా తను రెండోసారి చూసేది.

నీళ్ల ట్యాంకు దగ్గర దిగేసరికి అయిదున్నర. మూడో సందులో కుట్టుమిషన్ల షాపు తాళమేసి ఉంది. మేడ ఉంది గానీ ముందువైపు మెట్లే లేవు. చీటీలో 'వెనకవైపు మెట్లు' అని లేకపోతే ఇద్దరూ అక్కడే గిరగిరా తిరిగేవారు. సందు చుట్టి వెనక్కి పోయి ఇనుప మెట్లెక్కారు. టాపరు రెండేసి మెట్లు ఎక్కింది. స్కేలమ్మకు మోకాళ్ల నొప్పి, ఒక్కొక్కటే ఎక్కి పైకొచ్చేసరికి పచ్చ తలుపు తెరిచే ఉంది.

లోపల మంచం మీద తల్లి దుప్పటి కప్పుకుని కూర్చుని ఉంది. ఒళ్లో బిడ్డ. పక్కన స్టూలు మీద కొత్త సీసా మూత తీసి ఉంది, చుక్కల గొట్టం తల్లి చేతిలో నిండుగా ఉంది.

"ఆగమ్మా!" అని స్కేలమ్మ అరిచింది. కౌంటరులో ముప్ఫై ఒక్కేళ్లలో ఎవరూ ఆ గొంతు విని ఉండరు.

బిడ్డ ఉలిక్కిపడి ఏడుపందుకున్నాడు. నాయనమ్మ వంటగదిలోంచి పరిగెత్తుకొచ్చింది. తల్లి గొట్టం పైకెత్తి పట్టుకుని అలాగే ఉండిపోయింది.

"ఇచ్చారా? ఒక్కసారైనా ఇచ్చారా దీంట్లోంచి?"

"లేదండీ. పొద్దున వేసిన చుక్కలతో పాత సీసా అయిపోయింది. ఇదే మొదలు."

స్కేలమ్మ గోడకి ఆనుకుని నేల మీద కూలబడింది. ఊపిరి అందాక చెప్పింది. ఏదీ దాచలేదు. బరువు తప్పు రాశారని, అది పట్టుకోవాల్సింది తామేనని, పట్టుకోలేదని, డాక్టరుతో మాట్లాడామని, పాత మోతాదే ఇవ్వాలని, రేపు పొద్దున్నే రావాలని. నాయనమ్మ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. "నా బరువు వాడికి తగిలించారా!" అంది, అంత భయంలోనూ.

తల్లి మాత్రం గొట్టం వైపే చూస్తోంది.

"నాకు అనిపించిందండీ," అంది నెమ్మదిగా. "ఇన్నాళ్లూ సగం దాటి ఒక గీత దాకా పోసేదాన్ని. ఇప్పుడు నిండా పోయమని ఉంటే, ఇంతెందుకబ్బా అనుకున్నా. అప్పట్నుంచీ చేతిలో పట్టుకునే కూర్చున్నా. కానీ ఇంత అందంగా రాసుంది కదా లేబులు, చక్కగా రాసేవాళ్లు తప్పెందుకు రాస్తార్లే అనుకున్నా."

టాపరు మొహం చేతుల్లో దాచుకుంది. స్కేలమ్మ ఆ పిల్ల వైపు చూడలేదు, చూస్తే ఏడుస్తుందని.

తల్లి సీసా తిప్పి చూపించింది. "ఎవర్నైనా అడుగుదామంటే దీని మీద మీ నంబరు లేదే. మా అడ్రసు అత్తయ్య దగ్గర అంతసేపు రాయించుకున్నారట. మీదెక్కడుంది? మాకు డౌటొస్తే ఎవర్ని అడగాలి?"

స్కేలమ్మ సీసా అందుకుని లేబులు చదివింది. నిజమే. లేబులు మీద ఆసుపత్రి పేరుంది, మందు పేరుంది, బాగా కుదపాలని కూడా ఉంది. కౌంటరు నంబరు లేదు. ఎన్ని వేల సీసాలు, ఎన్ని వేల అట్టలు ఆ కౌంటరు దాటి వెళ్లాయో, ఒక్కదాని మీదా లేదు.

టాపరే ముందు లేచింది. కళ్లు తుడుచుకుని, తడి చేతిని దుస్తులకి రుద్దుకుని, పాత లేబులు మీద అడ్డంగా గీత కొట్టి, డాక్టరు చెప్పినట్టు పూటకి 0.6 మిల్లీలీటరు అని కొత్తది రాసి అంటించింది. స్కేలమ్మ మోకాళ్లు పట్టుకుని లేచి, చదివి, పక్కన సంతకం పెట్టింది. టాపరు కింద ఇంకో వరస చేర్చింది: అనుమానం వస్తే మందు వేయకముందే ఫోన్ చేయండి. నంబరు. తల్లి గొట్టంలోంచి ఎక్కువైన మందు తీసేసి, సగం దాటి ఒక గీత దాకా ఉంచి, ఇద్దరికీ చూపించింది. స్కేలమ్మ కళ్లద్దాలు పెట్టుకుని గీత చూసి తలూపాక బిడ్డ నోట్లో పోసింది.

తిరుగు బస్సులో సీటు దొరికింది. స్కేలమ్మ చాలాసేపు బయటికే చూస్తూ కూర్చుంది.

"ఆ ముసలాయన," అంది స్కేలమ్మ ఉన్నట్టుండి. "ఆ మాత్రల్లో ఒక మిల్లీగ్రాముది ఒక రంగు, అయిదుది ఇంకో రంగు. చూసే ఉంటాడు. రంగు మారిందే అనుకునే ఉంటాడు."

టాపరు ఆవిడ వైపు తిరిగింది.

"ఎవర్నడగాలో తెలీక వేసేసుకునుంటాడు. ఆయన అడ్రస్ నా దగ్గర లేదని పందొమ్మిదేళ్లు ఏడ్చా అమ్మాయ్. నా అడ్రస్ ఆయన దగ్గర లేదని ఒక్కరోజు కూడా తట్టలా."

టాపరు ఆవిడ ఒళ్లో ఉన్న చేతి మీద చెయ్యి వేసింది. దిగే చోటు వచ్చేదాకా ఇద్దరూ అలాగే కూర్చున్నారు.

మర్నాడు పొద్దున్న బిడ్డను చిన్న తూకంలో పడుకోబెడితే ఆరు కిలోల రెండు వందలు. డాక్టరు చీటీ మీద పాత మోతాదే రాశాడు. నర్సు కార్డుల మీది తల్లుల బరువులన్నీ కూర్చుని కొట్టేసింది, ఎవరెత్తుకుంటే వాళ్లనే ఇకనుంచి విడిగా చూస్తానంది. టాపరు తన పుస్తకంలో కొత్త పేజీ మొదలుపెట్టింది. పోయినసారి ఎంత ఇచ్చామో కనుక్కోవాలి, పాత సీసా చూడాలి. బరువు పట్టికతో కాదు, ఎదురుగా ఉన్న బిడ్డతో పోల్చాలి. లేబులు మీద మన నంబరుండాలి. ఈసారి ఒకే రంగు పెన్నుతో రాసింది.

కొత్త లేబుళ్లు అచ్చయి వచ్చేదాకా నంబరు చేత్తోనే రాయాలి. టాపరు మిగిలిన ట్రైనింగంతా అదే పని చేసింది. మొదటి నాలుగు రోజులూ ఫోన్ మోగలేదు. "చూశావా, ఎవడికీ అనుమానాలే లేవు, నీకు తప్ప," అన్నాడు మొగుడు రాత్రి భోజనం దగ్గర.

అయిదో రోజు పదకొండింటికి మోగింది. స్కేలమ్మ చేతిలో స్కేలుంది, కౌంటరు మీద చీటీ ఉంది. స్కేలు పక్కన పెట్టి ఎత్తింది. అవతల మగ గొంతు, వయసైన గొంతు.

"ఏమ్మా, మందుల కౌంటరేనా? మాత్ర రంగు మారినట్టుంది. వేసుకోవచ్చంటావా?"

స్కేలమ్మ కుర్చీ కోసం చేత్తో తడుముకుంది. అది ఆ మనిషి కాదని ఆవిడకి తెలుసు, కాలేడు. అయినా కళ్లు నిండిపోయాయి. టాపరు కుర్చీ ముందుకు జరిపింది.

"వేసుకోకండి, ఆగండి," అంది స్కేలమ్మ. "అట్ట చేతిలో పట్టుకోండి. ఏం రాసుందో ఒక్కో అక్షరం చదవండి. నేనిక్కడే ఉన్నా, తొందరేం లేదు."

ఆయన చదివాడు. మందు అదే, బలం అదే, చేసిన కంపెనీ మారింది, అందుకే రంగు మారింది. అది రిజిస్టరులో చూసి, రెండోసారి చూసి, అప్పుడు వేసుకోమంది. ఆయన మంచినీళ్లతో మాత్ర మింగి, "వేసుకున్నానమ్మా," అని చెప్పేదాకా ఫోన్ పెట్టలేదు. కౌంటరు ముందు వరస గుమ్మం దాకా పెరిగింది.